పసిబిడ్డ కాగితం: తర్జుమాలో తప్పిన మూడు మాటలు

మా భాంజీకి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కొడుకు పుట్టాడు. ముప్పై ఏడు వారాలకు, మామూలు కాన్పు, బరువు 2 కిలోల 900 గ్రాములు. బుధవారం పొద్దున దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు. రెండు వైపులా ఇంగ్లీషు. పిల్ల ఫోటో తీసి నాకు పంపింది. "ఖాలా, నానీకీ దాదీకీ అర్థమయ్యేలా తెలుగులో రాసి పంపించు. వీళ్లిద్దరూ చెరొకటి చెప్తున్నారు."

పది నిమిషాల్లో రాసి పంపేశాను. ఒక్క లఫ్జ్ కూడా వదల్లేదు. రెండు భాషలూ బాగా వచ్చన్న గురూర్ కూడా కాస్త ఉంది నాకు. గురువారం సాయంత్రానికి బిడ్డ మళ్లీ దవాఖానలో ఉన్నాడు, నీలం లైటు కింద. అల్లా దయవల్ల ఇప్పుడు బాగున్నాడు. కానీ నా తర్జుమాలో మూడు మాటలు ఆ ఇంట్లో మూడు వేరే పనులు చేశాయి. అందుకే నా రాయ్ ఒక్కటే. జచ్చా చేతికిచ్చే కాగితంలో మాటను తర్జుమా చేస్తే సరిపోదు, చెయ్యాల్సిన పనిని తర్జుమా చెయ్యాలి. అదెలాగో నా గలతీల మీదే చెబుతాను.

మొదటి మాట: "అడిగినప్పుడు"

కాగితంలో 'ఫీడ్ ఆన్ డిమాండ్' అని ఉంది. నేను "బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వాలి" అని రాశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. మరి మూడు రోజుల బిడ్డ ఎలా అడుగుతాడు? మన ఇళ్లల్లో దీనికి ఒకటే జవాబు: ఏడుస్తాడు. ఏడవలేదంటే ఆకలి లేదన్నమాట. బుధవారం అంతా బిడ్డ నిద్రపోతూనే ఉన్నాడు. రాత్రి ఒకసారి ఏకంగా ఐదు గంటలు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "మాషాఅల్లాహ్, ఎంత శరీఫ్ బచ్చా, అమ్మను సతాయించడం లేదు" అన్నారు.

అసలు సంగతి ఏమిటంటే ఏడుపు ఆకలికి మొదటి ఇషారా కాదు, ఆఖరి ఇషారా. ముందు బిడ్డ నిద్రలో కదులుతాడు. కనురెప్పల కింద కళ్లు ఆడతాయి. తర్వాత నోరు తెరుస్తాడు, నాలుక బయటపెట్టి చప్పరిస్తాడు. తల అటూ ఇటూ తిప్పి దేన్నో వెతుకుతాడు. బుగ్గకు దుప్పటి అంచు తగిలినా అటే నోరు తిప్పుతాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఒళ్లు విరుస్తాడు, పిడికిలి నోట్లోకి తెచ్చుకుంటాడు. ఇవేవీ ఎవరూ పట్టించుకోకపోతేనే మొహం ఎర్రగా చేసుకుని ఏడుస్తాడు. ఏడుస్తున్న బిడ్డ నాలుక పైకి లేచి ఉంటుంది, రొమ్ము సరిగ్గా నోటికి అందదు. అప్పుడు ముందు గుండెకు ఆనించుకుని, ఒంటికి ఒళ్లు తగిలేలా పట్టుకుని ఊరుకోబెట్టి, ఆ తర్వాత పాలు పట్టాలి. ఏడ్చేదాకా ఆగితే తల్లికీ కష్టం, బిడ్డకీ కష్టం.

ఇంకో ఖతరా ఉంది. పాలు చాలని బిడ్డ ఎక్కువ ఏడుస్తాడనుకుంటాం. మొదటి రోజుల్లో చాలాసార్లు దానికి ఉల్టా జరుగుతుంది. ఒంట్లో ఓపిక తగ్గి మగతగా పడుకుంటాడు. నెలలు పూర్తిగా నిండకుండా పుట్టినవాడు, మావాడిలా ముప్పై ఏడో వారంలో వచ్చినవాడు, ఇలా మోసం చేయడం మరీ ఎక్కువ. కాబట్టి మొదటి రెండు వారాలు, పుట్టినప్పటి బరువు మళ్లీ వచ్చేదాకా, బిడ్డ ఇషారా చేస్తే ఇవ్వడం ఒక్కటే చాలదు. రెండున్నర, మూడు గంటలు దాటితే లేపి మరీ ఇవ్వాలి. రాత్రి, పగలు కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. లేపడమంటే కుదపడం కాదు. చుట్టిన బట్ట విప్పండి, లంగోటీ మార్చండి, అరికాలు మెల్లగా రాయండి. బిడ్డ లేస్తాడు.

పాలు అందుతున్నాయో లేదో రొమ్ము చూసి చెప్పలేం. పట్టు చూసి కొంత చెప్పొచ్చు. నోరు బాగా తెరిచి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. మింగుతున్న చప్పుడు వినపడాలి. తల్లికి ఆగకుండా నొప్పి ఉంటే పట్టు సరిగ్గా లేదని మతలబ్. మా భాంజీ చనుమొన బుధవారానికే పగిలింది. "మొదట్లో అందరికీ అంతేలే" అన్నారు. పట్టు సరిచేసి ఉంటే అక్కడే సగం కథ ఆగేది.

పట్టు కన్నా పక్కా గవాహీ లంగోటీ ఇస్తుంది. మొదటి రోజు కనీసం ఒకసారి మూత్రం, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అలా పెరుగుతూ ఐదో రోజు నుంచి రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ తడి లంగోట్లు ఉండాలి. దొడ్డి మొదటి రెండు రోజులు తారులా నల్లగా, మూడో రోజుకు ఆకుపచ్చగా, నాలుగు, ఐదు రోజులకు ఆవాల ముద్దలా పసుపుగా మారాలి. నాలుగో రోజు దాటుతున్నా నల్లగానే ఉంటే కడుపులోకి చాలినన్ని పాలు పోవడం లేదు.

గురువారం ఆశా అక్క ఇంటికి వచ్చారు. దవాఖానలో పుట్టిన బిడ్డను చూడడానికి ఆశా మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో రావాలి. చిల్లాలో బయటివాళ్లు ఎందుకని చాలా ఇళ్లల్లో గుమ్మం దగ్గరే పంపేస్తారు. మా ఆపా లోపలికి పిలిచింది, మంచి పని చేసింది. ఆశా అక్క సంచిలో త్రాసు ఉంది. బరువు 2 కిలోల 600. అంటే 300 గ్రాములు తగ్గాడు. పుట్టినప్పటి బరువులో పదో వంతు 290. మొదటి రోజుల్లో ప్రతి బిడ్డా కాస్త తగ్గుతాడు, నూటికి ఏడు పాళ్ల వరకు పెద్దగా ఫికర్ లేదు. పది పాళ్లు దాటితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. "నిన్నటి నుంచి ఎన్ని లంగోట్లు తడిశాయి?" అని ఆమె అడిగారు. ఎవరూ లెక్కపెట్టలేదు. గుర్తు చేసుకుంటే రెండు. దొడ్డి ఇంకా నల్లగానే ఉంది.

రెండో మాట: "కామెర్లు"

కాగితంలో జాండిస్ అని ఉంటే నేను "కామెర్లు" అని రాశాను, పక్కన "పీలియా" అని కూడా. నిఘంటువు ప్రకారం సరైనదే. కానీ మన ఊళ్లల్లో కామెర్లు అనగానే ఏం గుర్తొస్తుంది? పెద్దవాళ్ల జబ్బు, పసరు మందు, ఉప్పూ నూనే లేని పథ్యం. దాదీ బుధవారమే బిడ్డ మొహం పచ్చబడ్డం గమనించింది. ఆమె చూపును మెచ్చుకోవాలి, అందరికన్నా ముందు చూసింది. కానీ నా మాట ఆమెను ఎటు నడిపించిందంటే, కోడలికి నూనె, కూర మాన్పించి ఉత్త చారన్నం పెట్టింది. పసరు పోసే ఆయన ఫలానా ఊళ్లో ఉంటాడని కొడుక్కి ఫోన్ చేసింది. బిడ్డను పొద్దున ఎండలో పడుకోబెట్టింది.

పసిబిడ్డ పసుపు వేరే మామ్‌లా. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువ ఉంటాయి. పుట్టాక అవి విరిగిపోతుంటే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. కాలేజా ఇంకా కచ్చాగా ఉంటుంది కాబట్టి దాన్ని జల్దీ బయటికి పంపలేదు. అందుకే నెలలు నిండిన బిడ్డల్లో కూడా సగానికి పైగా రెండో, మూడో రోజున కాస్త పసుపెక్కుతారు. మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఎక్కువై, రెండు వారాల్లోపు చాలామందికి దానంతటదే పోతుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. తల్లి తిన్నదాని వల్ల వచ్చేదీ కాదు, ఆమె పథ్యంతో తగ్గేదీ కాదు.

ఇప్పుడు పాలకూ పసుపుకూ ఉన్న రిష్తా చూడండి. బిలిరుబిన్ బయటికి పోయే ముఖ్యమైన దారి దొడ్డి. పాలు తక్కువైతే దొడ్డి తక్కువ. నల్లటి దొడ్డి పేగులోనే నిలిచిపోతే అందులోని బిలిరుబిన్ తిరిగి రక్తంలోకి వస్తుంది. పసుపు పెరిగితే బిడ్డ మరింత మగతగా పడుకుంటాడు, పాలు ఇంకా తక్కువ తాగుతాడు. బుధ, గురువారాల్లో మా ఇంట్లో తిరిగింది ఈ చక్రమే. అందుకే పసుపెక్కిన బిడ్డకు పాలు ఆపకూడదు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. గ్లూకోజు నీళ్లు, తేనె, ఘుట్టీ ఇస్తే ఆ చిన్న కడుపులో పాలకు చోటు పోతుంది, పసుపు తగ్గదు. తేనె ఏడాది లోపు బిడ్డకు ప్రమాదం కూడా.

పసుపు ఎంతవరకు వచ్చిందో చూడాలంటే బల్బు కింద కాదు, పగటి వెలుగులో చూడాలి. నుదుటి మీద, ఛాతీ మీద వేలితో మెల్లగా నొక్కి వదలండి. నొక్కిన చోట పసుపు కనిపిస్తుంది. చామనఛాయ బిడ్డల్లో కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు కూడా చూడండి. పసుపు మామూలుగా మొహంతో మొదలై కిందికి దిగుతుంది. ఇంట్లో చూపు ఇంతవరకే, నంబరు మాత్రం పరీక్షలోనే తెలుస్తుంది. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు పసుపు కనపడితే అది ఎప్పుడూ ఖతరా కిందే లెక్క. పసుపు కాళ్ల దాకా, అరచేతులు, అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ లేపినా లేవకపోయినా, పాలు పట్టకపోయినా, సన్నగా కీచుమని ఏడ్చినా, ఒళ్లు వెనక్కి విల్లులా వంచినా ఒక్క గంట కూడా ఆగకూడదు. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి చేరుతుంది. వినికిడి పోవచ్చు, జిందగీ అంతా ఉండిపోయే లోపం రావచ్చు. రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే, లేదా దొడ్డి సున్నంలా తెల్లగా వస్తుంటే అది కాలేజాకు సంబంధించిన వేరే జబ్బు కావచ్చు. దానికీ ఆలస్యం చేయకూడదు.

మావాడికి తొడల దాకా వచ్చింది. రక్తపరీక్షలో 18.4. ఎన్నో వారంలో పుట్టాడు, పుట్టి ఎన్ని గంటలైంది అన్నది చార్టులో చూసి లైటు కింద పెట్టాలన్నారు. ఒకే నంబరు ఐదో రోజున ఒక బిడ్డకు ఇంటికి పంపేది కావచ్చు, రెండో రోజున ఇంకొకరికి ప్రమాదం కావచ్చు. కాబట్టి "పక్కింటి బిడ్డకు ఇంతే ఉంటే పంపేశారు" అన్న లెక్క పనికిరాదు.

ఆ నీలం రోషనీ చర్మంలో ఉన్న బిలిరుబిన్ రూపు మారుస్తుంది. అప్పుడది కాలేజా మీద భారం లేకుండా దొడ్డిలో, మూత్రంలో పోతుంది. "మరి ఎండ కూడా వెలుగే కదా?" అని దాదీ అడిగింది. సరైన సవాలే. కానీ ఎండలో ఎంత వెలుగు బిడ్డకు చేరుతోందో కొలవలేం. బట్టలు విప్పితే చలి, ఎక్కువసేపు ఉంచితే వేడి, చర్మం కమలడం. అన్నిటికన్నా పెద్ద నష్టం, ఎండలో పెట్టాం కదా అన్న ధీమాతో పరీక్ష వాయిదా పడడం. మా ఇంట్లో బుధవారం అలాగే పోయింది. లైటు కింద ఉన్నప్పుడు కూడా రెండు, మూడు గంటలకోసారి తీసి పాలిచ్చారు. నర్సమ్మ పట్టు సరిచేశారు. చాలనప్పుడు తల్లి పాలే పిండి ఉగ్గుగిన్నెతో పట్టారు. దాంతోనూ బరువు నిలవకపోతే డాక్టరు డబ్బా పాలు కొద్దిరోజులు రాసిస్తారు. అలా రాసినప్పుడు దాన్ని పరువు సంగతి చేసుకోకూడదు. ముప్పై ఆరు గంటలకు నంబరు 11కి దిగింది.

డాక్టరు అడిగిన ఒక ప్రశ్న మాత్రం నా మనసులో నిలిచిపోయింది. "బిడ్డ బట్టలు ఎక్కడివమ్మా? కలరా ఉండలు వేసిన పెట్టెలోవా?" మన ఇళ్లల్లో పెద్దబిడ్డల ఝబ్లాలు, టోపీలు సందూక్‌లో దాచి చిన్నవాళ్లకు తొడగడం మురిపెం. కానీ జి-సిక్స్-పి-డి అనే ఎంజైము పుట్టుకతో తక్కువున్న బిడ్డలుంటారు, మగపిల్లల్లో ఎక్కువ. వాళ్లకు ఆ ఉండల ఘాటు తగిలితే రక్తకణాలు ఒక్కసారిగా విరిగి పసుపు వేగంగా పెరుగుతుంది. మావాడికి ఆ లోపం లేదని పరీక్షలో తేలింది. అయినా సందూక్‌లో బట్టలు పసిబిడ్డకు వద్దనే ఇప్పుడు నా మాట.

మూడో మాట: "పొడిగా"

ఇది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది. 'కీప్ ద కార్డ్ డ్రై' అన్నదాన్ని "బొడ్డు పొడిగా ఉంచాలి" అని రాశాను. మన భాషలో పొడి అంటే తడి లేకపోవడం, పొడి అంటే పౌడర్ కూడా. దాదీకి చదివి వినిపించింది ఎనిమిదో క్లాసు పిల్ల. "బొడ్డుకు పొడి ఉంచాలంట" అని విన్న దాదీ పూటపూటకూ పౌడర్ అద్దింది. పౌడర్ లేకపోతే పసుపు ఉండనే ఉంది కదా అంది. ఆశా అక్క చూసేసరికి క్లిప్పు చుట్టూ తెల్లగా అట్టకట్టి ఉంది.

కోసిన బొడ్డుతాడు కొన్ని రోజులపాటు ఒంట్లోకి తెరిచి ఉన్న గుమ్మం లాంటిది. దాని మీద పౌడర్, పసుపు, బూడిద, ఆముదం, సుర్మా ఏది పెట్టినా తడి కింద నిలుస్తుంది, క్రిములు చేరతాయి. శుభ్రంలేని వస్తువు బొడ్డుకు తగిలితే ధనుర్వాతం కూడా రావచ్చు. దవాఖానలో పుట్టిన బిడ్డకు బొడ్డు మీద ఏమీ పెట్టకుండా ఉండడమే ఇలాజ్. చేతులు సబ్బుతో కడుక్కుని ముట్టుకోవాలి. గాలి తగలనివ్వాలి. లంగోటీని బొడ్డు కిందికి మడిచి కట్టాలి, మూత్రం తడి తగలకుండా. తాడు ఊడేదాకా టబ్బులో ముంచకుండా తడిబట్టతో తుడిస్తే చాలు. మురికైతే కాచి చల్లార్చిన నీళ్లతో తుడిచి, శుభ్రమైన బట్టతో అద్దాలి. మావాడికి దవాఖానలో చేసింది అదే.

తాడు నల్లబడి ఎండిపోయి సాధారణంగా ఒకటి, రెండు వారాల్లో ఊడుతుంది. వేలాడుతున్నా లాగకూడదు. ఊడేటప్పుడు ఒక చుక్క రక్తం, అడుగున కాస్త చెమ్మ మామూలే. కానీ చుట్టూ పొట్ట చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పాకుతున్నా, చీము, దుర్వాసన వచ్చినా, రక్తం ఆగకపోయినా, దాంతోపాటు బిడ్డ ఒళ్లు వేడెక్కినా, చల్లబడినా, పాలు మానేసినా వెంటనే దవాఖానకు పోవాలి. మూడు వారాలైనా ఊడకపోతే చూపించాలి. మావాడిది తొమ్మిదో రోజున ఊడింది.

ఇప్పుడు తర్జుమా ఎలా చేస్తాను

ఆ కాగితం మళ్లీ రాశాను. "అడిగినప్పుడు" తీసేసి "నోరు తెరిచి వెతికితే ఇవ్వు. మూడు గంటలైతే లేపి ఇవ్వు. ఏడుపు కోసం ఆగకు" అని రాశాను. "కామెర్లు" తీసేసి "పుట్టిన బిడ్డ పసుపు. పసరు వద్దు, పథ్యం వద్దు, ఎండను నమ్ముకోవద్దు. పాలు పెంచు, పరీక్ష చేయించు" అని రాశాను. "పొడిగా" తీసేసి "బొడ్డుకు తడి తగలనివ్వొద్దు. దాని మీద ఏమీ పెట్టొద్దు, పౌడర్ కూడా" అని రాశాను. ముందుదాని కన్నా పొడుగైంది. కానివ్వండి.

ఇంకో సంగతి. నేను ఆ కాగితం తల్లికి రాశాననుకున్నాను. కాన్పైన పిల్ల ఇంట్లో ఏ నిర్ణయమూ ఒక్కతే తీసుకోదు. విని అమలు చేసేది నానీ, దాదీ. "బుజుర్గుల తజుర్బా చాలు, కాగితాలెందుకు" అనేవాళ్లూ ఉన్నారు, "ముసలాళ్లను గదిలోకి రానివ్వొద్దు" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ నాకు నచ్చవు. పసుపును మొదట చూసిన కళ్లు దాదీవే. ఆ కళ్లకు ఏ పని చెప్పాలో మనం చెప్పలేదు. అందుకే రెండో కాగితాన్ని ఫోన్లో పంపకుండా వెళ్లి చదివి వినిపించాను. తర్వాత "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఏం చేస్తారు?" అని అడిగాను. వాళ్ల నోటితో తిరిగి విన్నప్పుడే తర్జుమా చేరిందో లేదో తెలుస్తుంది. మొదటిసారే ఇలా అడిగి ఉంటే పౌడర్ సంగతి ఆ నిమిషంలోనే బయటపడేది.

పాలు రెండేళ్లు పూర్తిగా ఇవ్వమని సూర బఖరాలో ఉందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ రెండేళ్లు నిలబడేదీ, తప్పేదీ చాలావరకు ఈ మొదటి ఐదు రోజుల్లోనే. చనుమొన పగిలి, బిడ్డ పసుపెక్కి, "నీ పాలు పడడం లేదు" అన్న మాట విన్న తల్లి డబ్బా వైపు తిరుగుతుంది. తప్పు ఆమెది కాదు, సమయానికి అర్థమయ్యేలా చెప్పనివాళ్లది. అందులో నేనూ ఉన్నాను.

దాదీ ఇప్పుడు గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు పెడుతోంది. తడి లంగోటీకి నిలువు గీత, దొడ్డికి అడ్డగీత. నిన్న ఫోన్ చేస్తే "ఏడు నిలువు, నాలుగు అడ్డం" అంది. పద్నాలుగో రోజు ఆశా అక్క తూస్తే బిడ్డ 2 కిలోల 980.